గడ్డం ఎక్కడ ఆగుతుంది?

తెలుగులో గడ్డం అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. పెదవి కింది చుబుకాన్నీ గడ్డమే అంటాం, దానిమీద పెరిగే వెంట్రుకలనూ గడ్డమే అంటాం. సినిమాల్లో ఒకరి ముఖాన్ని ఇంకొకరి తలమీదికి మార్చే పనిలో నేను ఎక్కువగా తంటాలు పడింది ఈ రెండు గడ్డాల మధ్యే. ముఖం మార్చే సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది మొదటి గడ్డం ఒక్కటే. చుబుకం ఎముక ఎక్కడ ఆగితే దాని లెక్కలో ముఖం అక్కడ అయిపోయినట్టే. వెంట్రుకలు అక్కడ ఆగవు. దవడ దాటి మెడమీదికి దిగుతాయి, చెవి ముందునుంచి పైకి పాకి జుట్టులో కలిసిపోతాయి.

ఒక షాట్ సంగతి చెబుతాను. హీరోకి రెండంగుళాల గుబురు గడ్డం. గోడ దూకే డూప్‌కి నున్నగా గీసిన ముఖం. దూకి, లేచి, కెమెరా వైపు తిరిగి, మళ్లీ పక్కకు తిరిగి పరుగెత్తాలి. నాలుగు సెకన్లు, అంటే 96 ఫ్రేములు. డూప్‌కి గడ్డం అతికించకుండానే షూటింగ్ అయిపోయింది, సెట్టు కూడా విప్పేశారు. ముఖం మార్చడానికి హీరో ఒప్పుకుని, అందుకోసం ఒక పూట కూర్చుని అన్ని కోణాల్లో ముఖం తీయించుకున్నాడు. ఇక మిగిలింది మా పని.

ఈ పని ఎలా జరుగుతుందో ముందు చెప్పాలి. ముఖం ఇచ్చేవారిని సోర్స్ అంటాం, తీసుకునేవారిని టార్గెట్ అంటాం. ఇక్కడ హీరో సోర్స్, డూప్ టార్గెట్. ప్రోగ్రాములో ఒక భాగం ఇద్దరి ముఖాలనూ చూసి, తల ఎటు తిరిగింది, నోరు ఎంత తెరిచారు, వెలుగు ఎటునుంచి పడుతోంది అన్న సంగతులు పట్టుకోవడం నేర్చుకుంటుంది. దాని తర్వాత ఇద్దరికీ చెరొక బొమ్మ గీసే భాగం ఉంటుంది. శిక్షణ అయ్యాక డూప్ ముఖంలోంచి పట్టుకున్న సంగతులను హీరో బొమ్మ గీసే భాగానికి ఇస్తాం. అది అదే భంగిమలో హీరో ముఖాన్ని గీసి ఇస్తుంది. ఆ ముఖాన్ని ఒక మాస్కు హద్దులోపల కత్తిరించి డూప్ ముఖంమీద అతికిస్తాం. చిక్కంతా ఆ హద్దు దగ్గరే.

మొదటిసారి చేసినప్పుడు బుగ్గలమీద గడ్డం బాగానే వచ్చింది. చుబుకం దగ్గర మాత్రం కత్తెరతో కోసినట్టు ఆగిపోయింది, దాని కింద డూప్ బోసి మెడ కనిపించింది. పక్కకు తిరిగినప్పుడు ఇంకా ఘోరం. రెండంగుళాల గడ్డం ఉన్న మనిషి ముఖపు ఆకారం పక్కనుంచి చూస్తే ముందుకు పొడుచుకొస్తుంది. మా ఫ్రేములో దవడ గీత డూప్‌ది, దానిమీద వెంట్రుకల రంగు పూసినట్టుంది. గడ్డం ఉన్నట్టు కాదు, ముఖానికి మసి పూసుకున్నట్టు.

అలాంటప్పుడు అందరికీ తోచే ఉపాయం మాస్కును పెద్దది చేయడం. ముఖం ఒక్కటే కాకుండా తలంతా మార్చే పద్ధతీ ఉంది. అయితే ప్రోగ్రాము గీసే బొమ్మ మామూలుగా 256 పిక్సెళ్లో, ఇంకొంచెం ఎక్కువో ఉండే చతురస్రం. ఆ పిక్సెళ్లనే తలంతటికీ పంచితే ముఖానికి వచ్చే వాటా తగ్గుతుంది, గడ్డంలో ఒక్కో వెంట్రుకకు వచ్చేది ఇంకా తగ్గుతుంది. పైగా ఇలాంటి ప్రోగ్రాములు సన్నని వెంట్రుకలను సగటుగా గీస్తాయి. వేల వెంట్రుకలు ప్రతి ఫొటోలో వేరేగా పడి ఉంటాయి కాబట్టి ఏ ఒక్కదాన్నీ గీయలేక, అన్నింటినీ కలిపి ఒక గోధుమరంగు మరకలా గీస్తాయి. ఒక్క ఫ్రేము ఆపి చూస్తే ఫర్వాలేదనిపిస్తుంది, వరసగా ఆడిస్తే గడ్డం లోపల ఏదో కుతకుత ఉడుకుతున్నట్టు కదులుతుంది.

కాబట్టి చుబుకం కింద వేలాడే గడ్డాన్ని ప్రోగ్రాము చేత గీయించకూడదని నిర్ణయించుకున్నాం. డూప్‌నే మళ్లీ పిలిచి, మేకప్‌మేన్ చేత జాలీమీద కుట్టిన గడ్డాన్ని స్పిరిట్ గమ్‌తో అతికించి, పచ్చ తెర ముందు కూర్చోబెట్టాం. అసలు షాట్లో ఎండ ఎడమ భుజం వెనకనుంచి పడుతోంది. లైటూ అక్కడే పెట్టి, అదే తీరుగా తల తిప్పమన్నాం. అందులోంచి దవడ కింద వేలాడే భాగం, చెవి ముందరి పట్టీలు మాత్రమే తీసుకుని, పాత షాట్లో చుబుకం కదలికను ట్రాక్ చేసి దానికి కట్టాం. పైన ముఖం ప్రోగ్రాము గీసింది, కింద వేలాడేది నిజమైన వెంట్రుక.

ఇక అతుకు ఎక్కడ వేయాలన్నదే అసలు ప్రశ్న. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు అతుకును గడ్డం అంచున, చర్మం మొదలయ్యేచోట వేస్తారు. హద్దు కనిపిస్తోంది కాబట్టి గీత గీయడం తేలిక. కానీ చూసేవాళ్ల కన్ను మొదట పోయేదీ ఆ అంచుమీదికే. నల్లని వెంట్రుకా తెల్లని చర్మమూ కలిసేచోట పిసరంత తేడా వచ్చినా దొరికిపోతుంది. మేం బుగ్గల దగ్గర మాస్కును గడ్డం మొదలయ్యే చోటు దాటించి, బోసి చర్మంలోకి పైకి తీసుకుపోయాం. అక్కడ అంచును వెడల్పుగా, మెత్తగా కరిగించాం. కింద మాత్రం అతుకును గుబురు నడిమధ్యలో వేశాం. అక్కడ మెత్తదనం పనికిరాదు, వెంట్రుకలు మంచు పట్టినట్టు మసకబారతాయి. అందుకే అంచును వెంట్రుకల తీరునే ఎగుడుదిగుడుగా, సన్నగా గీశాం. చిక్కటి వెంట్రుకల్లో ఏది ఏ బొమ్మలోదో కన్ను వెతకదు.

అయినా గడ్డం గాల్లో తేలుతున్నట్టే ఉంది. నీడ లేకపోవడమే కారణమని తెలియడానికి ఒక పూట పట్టింది. నిజమైన గడ్డం మెడమీద, చొక్కా కాలరుమీద నీడ వేస్తుంది. బోసి మెడతో తీసిన షాట్లో ఆ నీడ లేదు. మెడను కొంచెం నల్లబరిచాక గడ్డం ఒంటికి అంటుకుంది.

రంగు దగ్గర ఇంకొక ఉచ్చు ఉంది. ప్రోగ్రాము గీసిన ముఖపు రంగును షాట్‌లోని ముఖపు రంగుకు సరిపెట్టే పద్ధతులున్నాయి. వాటిలో బాగా వాడుకలో ఉన్నది 2001లో రైన్‌హార్డ్, ఆయన సహచరులు ప్రచురించింది. ఒక బొమ్మలో రంగుల సగటునూ, ఆ సగటు చుట్టూ రంగులు ఎంత చెదిరి ఉన్నాయన్న లెక్కనూ తీసి, రెండో బొమ్మను దానికి సరిచేస్తుంది. ఇద్దరికీ గడ్డం ఉన్నా, ఇద్దరికీ లేకపోయినా ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. ఒకరికే ఉంటే సగటు తప్పుతుంది. మా షాట్లో హీరో ముఖంలో కింది సగమంతా నలుపు, డూప్ ముఖంలో అంతా చర్మం. రెంటి సగటూ ఒకటి చేయబోయి అది నుదుటిని సున్నం కొట్టినట్టు తెల్లబరిచింది, గడ్డాన్ని బూడిద రంగుకు తెచ్చింది. ఇలాంటిచోట లెక్కను నుదురు, ముక్కు, కళ్లకింది చర్మం వరకే తీయించాలి. అంతవరకే తీయించే వీలు లేకపోతే ఆ పద్ధతిని పక్కనపెట్టి చేత్తోనే సరిచేయాలి. మేం చేత్తోనే చేశాం.

తిరగేసి చూద్దాం. డూప్‌కి గడ్డం ఉంది, హీరోకి లేదు. ఇది తేలికని చాలామంది అనుకుంటారు, నా అనుభవంలో ఇదే కష్టం. నున్నటి ముఖం మధ్యలో చక్కగా కూర్చుంటుంది, దాని చుట్టూ పాత గడ్డం వలయంలా మిగిలిపోతుంది. దాన్ని తుడిచేస్తే దాని వెనక ఉన్న మెడ, కాలరు, గోడ మనకు తెలియవు, కెమెరా వాటిని చూడనేలేదు. ఒక ఫ్రేములో వాటిని శుభ్రంగా చిత్రించి, మిగతా ఫ్రేములకు ట్రాక్ చేసి, ఫిలింలోని గరుకును కూడా పైన చల్లాలి. గరుకు మరిచిపోతే అంత మేర చర్మం మైనంలా మెరుస్తుంది. ఇంకొకటి, డూప్ ముఖంలో కింది భాగం నల్లగా ఉండటాన్ని ప్రోగ్రాము గడ్డమని గుర్తించకపోవచ్చు, నీడ అనుకోవచ్చు. అప్పుడు హీరో నున్నటి దవడమీద కూడా నీడలాంటి నల్లదనం గీస్తుంది. గడ్డం పోయినా దాని దయ్యం మిగులుతుంది.

మీసం ఒక్కటి తీయడం కూడా ఎంత కష్టమో ప్రపంచమంతా చూసింది. 2017లో ‘జస్టిస్ లీగ్’ సినిమాకు కొన్ని సీన్లు మళ్లీ తీయాల్సి వచ్చినప్పుడు, సూపర్‌మేన్ వేషం వేసిన హెన్రీ కావిల్ ‘మిషన్ ఇంపాసిబుల్: ఫాలౌట్’ కోసం మీసం పెంచి ఉన్నాడు. ఆ సినిమా వాళ్లు గీయనివ్వలేదు. మీసాన్ని కంప్యూటర్‌లో చెరిపి కొత్త పైపెదవి చేశారు. అది ముఖం మార్పిడి కాదు, కానీ పాఠం ఒకటే. ముక్కుకూ పెదవికీ మధ్య ఉన్న ఆ కాస్త చర్మం మాట్లాడినప్పుడు సాగుతుంది, నవ్వినప్పుడు పలచబడుతుంది. మీసం కింద అది ఎలా కదిలిందో కెమెరాకు తెలియదు కాబట్టి ఊహించి చేయాల్సిందే. తెరమీద ఆ పెదవి బిగుసుకుపోయి కనిపించింది, జనం పట్టేశారు.

సోర్స్ ఫొటోలను పోగుచేసేటప్పుడు చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. హీరో పాత సినిమాల్లో దొరికినవన్నీ కలిపేశాను. ఎదురుగా చూసే ఫ్రేములు గడ్డం లేని రోజులవి, పక్కకు చూసేవి గడ్డం ఉన్న రోజులవి. ప్రోగ్రాము కూడా అలాగే నేర్చుకుంది. షాట్లో మనిషి ఎదురుగా చూస్తే గడ్డం లేదు, తల పక్కకు తిప్పగానే మొలుస్తుంది. అది ప్రోగ్రాము తప్పు కాదు. గడ్డం పొడవు ఒకటే ఉన్న ఫ్రేములనే, అన్ని కోణాల్లోనూ, అన్ని రకాల వెలుగులోనూ పోగుచేయాలి. హీరోని ఒక పూట కూర్చోబెట్టింది అందుకే.

పని కుదిరిందో లేదో చూసుకోవడానికి నేను మొదట రంగులు తీసేసి నలుపు తెలుపులో ఆడిస్తాను, వెలుగులో తేడా దాక్కోలేదు. తర్వాత అసలు షాట్‌నూ మార్చినదాన్నీ ఒకదాని తర్వాత ఒకటి తిప్పి తిప్పి చూస్తాను, మెడ గెంతితే దొరికిపోతుంది. చివరగా పెదవులు మూసుకునే ఫ్రేములను ఒక్కొక్కటే ఆపి చూస్తాను. మీసమూ గడ్డమూ నోటి చివర్లలో కలిసే మూల అక్కడే చెదురుతుంది.

గోడ దూకిన ఆ షాట్లో 96 ఫ్రేముల్లో చివరి తొమ్మిది మాకు లొంగలేదు. డూప్ పూర్తిగా పక్కకు తిరిగి ఒక కన్నే కనిపించే ఫ్రేములవి. ముఖం గుర్తులు దొరక్క ప్రోగ్రాము ముక్కును ఒకవైపు, గడ్డాన్ని ఇంకొకవైపు లాగేసింది. వాటిలో ముఖం మార్పిడి మానేశాం. డూప్ ముఖమే ఉంచి, పచ్చ తెర ముందు తీసిన గడ్డం మాత్రం కట్టి, పరుగు వల్ల వచ్చే కదలిక మసకను పైన వేశాం. ఆ తొమ్మిది ఫ్రేముల్లో ఉన్నది హీరో ముఖం కాదు.