ఒకే స్పెల్లింగు, రెండు ఊనికలు

ఇంగ్లీషులో కొన్ని రెండక్షరాల మాటలు నామవాచకంగా వచ్చినప్పుడు ఒక రకంగా, క్రియగా వచ్చినప్పుడు మరో రకంగా పలుకుతాయి. స్పెల్లింగు మాత్రం మారదు. బహుమతి అనే అర్థంలో వచ్చే ‘ప్రెజంట్’లో ఊనిక మొదటి అక్షరం మీద పడుతుంది. బహూకరించడం, సభ ముందు పెట్టడం అనే అర్థంలో అదే మాట ‘ప్రిజెంట్’ అవుతుంది. అప్పుడు ఊనిక రెండో అక్షరానికి జరుగుతుంది. రికార్డు, పర్మిట్, ఎక్స్‌పోర్ట్, ప్రోటెస్ట్, కాంట్రాక్ట్ వంటివన్నీ ఈ దారిలోనే నడుస్తాయి. నామవాచకానికి ఊనిక ముందు, క్రియకు వెనక.

ఊనిక అంటే గట్టిగా అరవడం కాదు. ఊనిక ఉన్న అక్షరం కాస్త ఎక్కువ సేపు పలుకుతుంది, గొంతు స్థాయి అక్కడ మారుతుంది, అచ్చు స్పష్టంగా వినిపిస్తుంది. ఊనిక లేని అక్షరంలో అచ్చు నలిగిపోయి, ‘అ’కీ ‘ఇ’కీ దగ్గరగా ఉండే పొట్టి శబ్దంగా మిగులుతుంది. అందుకే పై జంటలో తేడా బరువులోనే కాదు, అచ్చుల్లో కూడా ఉంది. నామవాచకంలో మొదటి అక్షరం స్పష్టమైన ‘ఎ’, రెండోది నలిగిన అచ్చు. క్రియలో ఇది తిరగబడి మొదటిది ‘ఇ’గా కుదించుకుపోతుంది, రెండోది ‘ఎ’గా తేలుతుంది. తెలుగులో అర్థాన్ని మార్చేది అచ్చు పొడవు. ‘పలు’, ‘పాలు’ వేరు మాటలైనది దానివల్లే. ఊనిక జరిపి మాటకు అర్థం మార్చే పద్ధతి తెలుగులో లేదు కాబట్టి అరువు మాటల్లో ఈ జంటలు ఒక్కటైపోయాయి. ‘రికార్డు’ అనే తెలుగు రూపం నిజానికి ఇంగ్లీషు క్రియ ఉచ్చారణకు దగ్గర. అక్కడి నామవాచకం ‘రెకార్డ్’ అని మొదలవుతుంది. ‘ప్రాజెక్టు’కు మాత్రం నామవాచకపు ఉచ్చారణే వచ్చి చేరింది.

ఈ పద్ధతి ఇంగ్లీషులో మొదటి నుంచీ ఇంత విస్తారంగా లేదు. పీటర్ లెవిన్స్ అనే నిఘంటుకర్త 1570లో ‘మానిపులస్ వొకాబ్యులోరం’ అనే పదకోశం ప్రచురించాడు. ఊనిక గుర్తులు ఉన్న తొలి నిఘంటువుల్లో అది ఒకటి. డొనాల్డ్ షెర్మన్ అనే భాషాశాస్త్రవేత్త ఆ పుస్తకంతో మొదలుపెట్టి తర్వాతి నిఘంటువులన్నీ వరసగా పరిశీలించి 1975లో తన లెక్కలు వెలువరించాడు. పదహారో శతాబ్దపు ఆ దశలో ఊనికతో విడిపోయే జంటలు మూడే కనిపించాయి. అవి అవుట్‌లా, రెబెల్, రికార్డు. 1660 నాటికి జంటలు 24 అయ్యాయి, 1700కి 35, 1800కి 70, 1934కి 150. అంటే మార్పు ఒక్క దెబ్బతో రాలేదు, ఒక్కో మాటనే పట్టుకుంటూ పాకింది. వింత ఏమిటంటే, ఆ తొలి మూడింటిలో ఒకటైన అవుట్‌లా ఇప్పుడు గుంపులో లేదు. క్రియగా కూడా దాన్ని మొదటి అక్షరం మీద ఊనికతోనే పలుకుతున్నారు.

ఎక్కువ సందర్భాల్లో కదిలింది నామవాచకమే. రెండింటికీ రెండో అక్షరం మీదే ఊనిక ఉన్న చోట క్రియ ఉన్నచోటే ఉండిపోయింది, నామవాచకం ఊనికను ముందుకు లాక్కుంది. దీని వెనక పాత అలవాటు ఒకటి ఉంది. ప్రాచీన ఇంగ్లీషులో ఉపసర్గతో మొదలయ్యే నామవాచకంలో ఊనిక సాధారణంగా ఉపసర్గ మీద, క్రియలో ధాతువు మీద పడేది. నార్మన్‌లు ఇంగ్లండ్‌ను గెలిచిన తర్వాతి శతాబ్దాల్లో ఫ్రెంచి, లాటిన్ మాటలు వెల్లువలా వచ్చాయి. రి-, ప్రి-, కన్-, పర్-, ఎక్స్- వంటి ఉపసర్గలున్న ఆ మాటలకు కూడా కాలక్రమంలో ఇలాంటి విభజనే అబ్బింది.

కానీ పాత అలవాటు ఒక్కటే చాలదు. అది పోకుండా నిలిచి, పెరగడానికి కారణం వాక్యపు లయలో ఉందని మైకేల్ కెల్లీ, క్యాథరిన్ బాక్ 1988లో చూపించారు. ఇంగ్లీషు వాక్యం బరువు, తేలిక అక్షరాలు మార్చి మార్చి వస్తే సాఫీగా సాగుతుంది. నామవాచకానికి ముందు చాలాసార్లు ‘ఎ’, ‘ద’ వంటి తేలిక మాట ఉంటుంది. క్రియ వెనక ‘-ఇంగ్’, ‘-ఇడ్’ వంటి తేలిక ప్రత్యయం చేరుతుంది.

దీన్ని మొదటి జంటకే పెట్టి చూడవచ్చు. ‘ఎ ప్రెజంట్’ అన్నప్పుడు వరస తేలిక, బరువు, తేలిక. ఊనిక రెండో అక్షరం మీద ఉంటే ముందు రెండు తేలిక అక్షరాలు పక్కపక్కన పడేవి. ‘ప్రిజెంటింగ్’ అన్నప్పుడూ వరస తేలిక, బరువు, తేలికే. ఇక్కడ ఊనిక మొదటికి పోతే చివర రెండు తేలిక అక్షరాలు వేలాడేవి. ఒకే లయ కోసం నామవాచకం ఊనికను ముందుకు, క్రియ వెనక్కు పెట్టుకున్నాయి. కెల్లీ, బాక్ అర్థం లేని కల్పిత పదాలను వాక్యాల్లో పెట్టి చదివించినప్పుడు కూడా, చుట్టూ ఉన్న అక్షరాలను బట్టి చదివేవారు ఊనికను మార్చారు. ఇంగ్లీషు రెండక్షరాల నామవాచకాల్లో తొంభై శాతానికి పైగా మొదటి అక్షరం మీదే ఊనిక తీసుకుంటాయి. క్రియల్లో దాదాపు మూడింట రెండు వంతులు రెండో అక్షరం మీద తీసుకుంటాయి.

ఆ మిగిలిన భాగమే నేర్చుకునేవారికి తలనొప్పి. రిపోర్ట్, కంట్రోల్, మిస్టేక్, సర్‌ప్రైజ్ రెండు రూపాల్లోనూ రెండో అక్షరాన్నే పట్టుకుని ఉన్నాయి. విజిట్, ఆన్సర్, ప్రామిస్ రెండు రూపాల్లోనూ మొదటి అక్షరాన్నే. ఇక్కడ ఒక సూచన కొంతవరకు పనికొస్తుంది. నామవాచకం ముందు పుట్టి, దాని నుంచి క్రియ తయారైతే ఊనిక సాధారణంగా కదలదు. కాంటాక్ట్ అందుకు మంచి ఉదాహరణ. ఫలానా వారిని కాంటాక్ట్ చేయడం అనే క్రియ వాడుకలోకి వచ్చేసరికి నామవాచకం ఎప్పుడో స్థిరపడింది, క్రియ దాని ఊనికనే తెచ్చుకుంది. మార్పు జరిగేది ఎక్కువగా క్రియ నుంచి నామవాచకం పుట్టినప్పుడు.

ఊనిక తప్పితే చాలా చోట్ల సందర్భమే అర్థాన్ని కాపాడుతుంది. కొన్ని జంటల్లో మాత్రం అర్థాలు దూరమయ్యాయి. ‘రిఫ్యూజ్’ అంటే నిరాకరించడం. ఊనిక ముందుకు జరిగి చివరి శబ్దం ‘స్’గా మారితే అది చెత్త. ‘డెజర్ట్’ ఎడారి. రెండో అక్షరం మీద ఊనికతో ‘డిజర్ట్’ అంటే వదిలి పారిపోవడం. భోజనం చివర తినే తీపి పదార్థం పేరు కూడా ఆ క్రియలాగే పలుకుతుంది, ఎడారిలా కాదు. ప్రత్యయం చేరిన మాటల్లో మూలం ఏదో చూస్తే సరిపోతుంది. రికార్డింగ్, ప్రిజెంటర్ క్రియ నుంచి వచ్చినవి కాబట్టి వాటిలో క్రియ ఊనికే ఉంటుంది. అనుమానం వస్తే నిఘంటువులో ఉచ్చారణ చూడాలి. ఊనిక ఉన్న అక్షరానికి ముందు పైన చిన్న నిలువు గీత, ˈ, వేసి ఉంటుంది. దీన్ని కొందరు ముందున్న అక్షరానికి చెందిందనుకుని పొరబడతారు. గీత తర్వాత వచ్చే అక్షరానిదే ఊనిక.

జాబితా ఇంకా మూతపడలేదు. ‘అడ్రెస్’ అనే నామవాచకానికి బ్రిటన్‌లో క్రియలాగే రెండో అక్షరం మీద ఊనిక. అమెరికాలో చాలామంది మొదటి అక్షరాన్నే నొక్కి, దాన్ని క్రియ నుంచి విడదీశారు. రీసెర్చ్‌ను మొదటి అక్షరం మీద ఊనికతో పలకడం అమెరికాలో సాధారణం. అది బ్రిటన్‌లోనూ వ్యాపిస్తోంది. అక్కడ పాత పద్ధతిలో పలికేవారు, కొత్త పద్ధతిలో పలికేవారు ఒకే కార్యాలయంలో పక్కపక్కనే కనిపిస్తారు.