పాత ధర బస్తాలు, కొత్త ధర బస్తాలు: లాభం ఎక్కడ మారుతుంది?

ఒకే రకం సరుకును వేర్వేరు ధరలకు కొన్న వ్యాపారి ఏడాది చివర ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. అమ్ముడుపోయింది ఏ ధర సరుకు, మిగిలింది ఏ ధర సరుకు? గోడౌన్‌లోంచి నిజంగా ఏ బస్తా ముందు కదిలిందన్నది వేరే సంగతి. ఖాతాల్లో తేల్చాల్సింది ఖరీదు ఎటు పోయిందన్నదే. ఇందుకు మన దేశంలో ఎక్కువగా వాడేవి రెండు పద్ధతులు: ముందు కొన్నది ముందు అమ్ముడైనట్టు లెక్కగట్టే ఫిఫో, అన్నిటికీ ఒకే సగటు ధర వేసే భారిత సగటు.

ఒక బియ్యం హోల్‌సేల్ దుకాణం లెక్క చూద్దాం. ఏడాది మొదట్లో బస్తా రూ.1,200 చొప్పున 100 బస్తాలున్నాయి. తర్వాత రూ.1,300 చొప్పున 100, రూ.1,400 చొప్పున మరో 200 కొన్నారు. మొత్తం 400 బస్తాలు, ఖరీదు రూ.5,30,000. అందులో 250 బస్తాలను రూ.1,500 చొప్పున అమ్మితే రూ.3,75,000 వచ్చింది.

ఫిఫో ప్రకారం 1,200 ధరవి వంద, 1,300 ధరవి వంద, 1,400 ధరవి యాభై అమ్ముడైనట్టు. అమ్మిన సరుకు ఖరీదు రూ.3,20,000, స్థూల లాభం రూ.55,000. మిగిలిన 150 బస్తాల విలువ రూ.2,10,000.

సగటు కట్టేటప్పుడు మూడు ధరలను కూడి మూడుతో భాగిస్తే 1,300 వస్తుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఎక్కువ బస్తాలు కొన్న ధరకు ఎక్కువ బరువు ఇవ్వాలి కాబట్టి రూ.5,30,000ను 400తో భాగించాలి. సగటు రూ.1,325. అప్పుడు అమ్మిన సరుకు ఖరీదు రూ.3,31,250, స్థూల లాభం రూ.43,750, మిగిలిన సరుకు రూ.1,98,750.

అదే కొనుగోలు, అదే అమ్మకం, అయినా లాభంలో రూ.11,250 తేడా! ధరలు పెరుగుతున్నప్పుడు ఫిఫోలో పాత, చవక ఖరీదు ముందు ఖర్చవుతుంది కాబట్టి లాభం ఎక్కువ కనిపిస్తుంది; ధరలు పడిపోతుంటే ఇది తిరగబడుతుంది. అయితే ఆ తేడా ఎక్కడికీ పోదు, మిగిలిన సరుకు విలువలో దాగి ఉంటుంది. వచ్చే ఏడాది ఆ 150 బస్తాలూ రూ.1,500కే అమ్ముడైతే, వాటి మీద ఫిఫోలో రూ.15,000, సగటులో రూ.26,250 లాభం వస్తుంది. రెండేళ్లూ కలిపితే ఎటు చూసినా రూ.70,000. మారింది లాభం ఏ ఏడాదిలో పడిందన్నదే. పన్ను కట్టే ఏడాది కూడా దాంతోపాటే మారుతుంది.

మిగిలిన సరుకును కొన్న ఖరీదు, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే మొత్తం – ఈ రెండిట్లో ఏది తక్కువైతే అంతకే చూపాలి. ఏడాది చివరికి ఆ మొత్తం బస్తాకు రూ.1,350కి పడితే, ఫిఫో దుకాణం తన నిల్వను రూ.7,500 తగ్గించుకోక తప్పదు. 1,325 సగటుకు ఆ దెబ్బ తగలదు.

అకౌంటింగ్ ప్రమాణాలు ఈ రెండు పద్ధతులనూ అనుమతిస్తాయి, కానీ లాభం చూసుకుని ఏటేటా పద్ధతి మార్చనివ్వవు. మార్చడానికి సరైన కారణం ఉండాలి, మార్పునూ దాని ప్రభావాన్నీ ఖాతాల వివరణల్లో రాయాలి. అమ్మకాలు, ధరలు పెద్దగా మారకుండానే స్థూల లాభం హఠాత్తుగా పెరిగితే, ముందుగా చదవాల్సింది ఆ వివరణలనే.