లూజు ఎక్కడ, ఎంత?

ఒంటి కొలతలతో కాగితం మీద గీసుకునే బేసిక్ బ్లాక్ ఒకటి చేతిలో ఉంటే, కుర్తీ అయినా గౌను అయినా దాని మీదే గీసుకోవచ్చు. గీయడం కష్టం కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేది లూజు దగ్గర. లూజు వేరు, కుట్టు మార్జిన్ వేరు. కుట్టాక కూడా బట్టకీ ఒంటికీ మధ్య మిగిలేది లూజు. కుట్టులోపలికి మడిచిపోయేది మార్జిన్. బ్లాకులో లూజు ఉండాలి, మార్జిన్ ఉండకూడదు. మార్జిన్ బట్ట కత్తిరించేటప్పుడు కలుపుకుంటాం.

లూజు ఎందుకంటే, ఊపిరి పీలిస్తే ఛాతీ పెరుగుతుంది, చేతులు ముందుకు చాస్తే వీపు వెడల్పవుతుంది, కూర్చుంటే నడుము చుట్టు పెరుగుతుంది. సాగని నూలు బట్టతో రోజువారీ కుర్తీకి ఛాతీ చుట్టూ 4 అంగుళాలు, నడుము చుట్టూ 2 అంగుళాలు చాలు. చీర మీదికి వేసుకునే జాకెట్టు ఒంటిని పట్టి ఉండాలి కాబట్టి దానికి ఛాతీ దగ్గర అంగుళం, అంగుళంన్నర మించదు. సాగే హోజరీ బట్టకు ఈ లెక్క పనికిరాదు.

ఒక కొలత తీసుకుని గీసి చూద్దాం. ఛాతీ 36 అంగుళాలు, నడుము 30, భుజాల మొత్తం వెడల్పు 14½. మెడ పక్కన భుజం నుంచి నడుము దాకా వీపు మీదుగా 15, ఛాతీ మీదుగా 16. ఛాతీకి లూజు కలిపితే 40, నాలుగో వంతు 10. నడుముకు కలిపితే 32, నాలుగో వంతు 8.

మొదట వీపు భాగం. 10 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల పొడవుతో ఒక దీర్ఘచతురస్రం గీయండి. ఎడమ గీత వీపు మధ్య అనుకోండి. పై గీత మీద మెడకు 3 అంగుళాలు (ఛాతీలో పన్నెండో వంతు), భుజానికి 7¼ గుర్తు పెట్టండి. మెడ లోతు ఒక అంగుళం చాలు. భుజం చివర అంగుళం దించి, మెడ గుర్తుతో కలపండి. చంక గీత పై నుంచి 8 అంగుళాల దగ్గర వస్తుంది: ఛాతీలో నాలుగో వంతు 9, అందులోంచి ఒకటి తీసేస్తే 8. భుజం చివర నుంచి ఈ గీత కుడి చివరకు వంపు గీస్తే చంక సిద్ధం. కింద నడుము గీత 10 ఉంది, కావలసింది 8. ఆ తేడాలో అంగుళం పక్క కుట్టు దగ్గర లోపలికి జరపండి, మిగతా అంగుళాన్ని డాటుగా తీయండి.

ముందు భాగం కూడా ఇలాగే, కానీ పొడవు 16. మెడ లోతు 3½, చంక వంపు అర అంగుళం ఎక్కువ లోపలికి. పొడవులో ఎక్కువైన అంగుళం ఛాతీ ఎత్తు కోసం పెట్టింది. కనుక పక్క కుట్టులో అంగుళం వెడల్పు డాటు తీస్తేనే ముందు వెనుక పక్కలు సమానమవుతాయి. డాటు మొన ఛాతీ ఎత్తైన చోటికి అంగుళం ముందే ఆగాలి. సరిగ్గా అక్కడిదాకా వెళ్తే మొన బయటికి పొడుచుకొస్తుంది.

చంక దగ్గరే చాలామంది పొరపడతారు. బిగుతు అనిపించగానే చంకను ఇంకా కిందికి కోసేస్తారు. అప్పుడు చేయి ఎత్తితే ఆ చంక గీతతో పాటు మొత్తం కుర్తీ పైకి లేస్తుంది, ఇబ్బంది ఎక్కువవుతుంది. బ్లాకులోని చంక చుట్టు ఒంటి మీది చంక చుట్టు కంటే అంగుళం, అంగుళంన్నర ఎక్కువ ఉంటే చాలు. చేయి కదలాలంటే ఛాతీ, వీపు వెడల్పులో లూజు కావాలి. చంక లోతులో కాదు.

బ్లాకును నమ్మే ముందు చవక నూలు గుడ్డ మీద కోసి చూడాలి. పక్కలకు అంగుళం, మిగతా చోట్ల అర అంగుళం మార్జిన్ వదిలి, పొడవాటి కుట్లతో కుట్టి, వీపు మధ్య తెరిచి ఉంచి, వేసుకుని పిన్నులు పెట్టించుకోండి. ఛాతీ మీద అడ్డంగా ముడతలు లాగుతుంటే అక్కడ వెడల్పు తక్కువ. ముందు అంచు పైకి లేస్తే ముందు పొడవు తక్కువ: పొడవు పెంచి, పెంచినంతా డాటులో కలపండి. చంక దగ్గర బట్ట మడతలు పడితే భుజం మీ భుజం కంటే తక్కువగా వాలింది లేదా డాటు చాలలేదు. ఛాతీ నిండుగా ఉన్నవారికి ముందూ వెనుకా సమానంగా పంచే ఈ పద్ధతి సరిపోదు, ముందు భాగం వెడల్పు పెంచాలి.

దిద్దిన గీతలను దళసరి అట్ట మీదికి దింపి, కొలతలూ కలిపిన లూజూ తేదీతో సహా దాని మీదే రాసి పెట్టుకోండి. ఒళ్లు మారినప్పుడు పాత అట్టను దిద్దకుండా కొత్త కొలతలు తీసి మళ్లీ గీయండి.