ధరల పట్టికలో ఒకట్ల కింద ఒకట్లు

ధరల పట్టిక ముందు నిలబడ్డ కొనుగోలుదారు మనసులో చేసేది తీసివేత. నెలనెలా కడితే ఎంత, ఏడాదికి ఒకేసారి కడితే ఎంత, మిగిలేది ఎంత? ఈ లెక్క చటుక్కున పడాలంటే అంకెలు వాటి స్థానాల్లో నిలబడి ఉండాలి. బడిలో నిలువు కూడిక నేర్పేటప్పుడు మాస్టారు ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు రాయమన్నది ఇందుకే. కంప్యూటర్‌లో తయారయ్యే పట్టికల్లో ఈ క్రమం చాలాసార్లు తప్పుతుంది. తప్పిందని చూడగానే తెలియదు కూడా.

ఒక ఇంటర్నెట్ సర్వీసు నాలుగు ప్లాన్లు ఇస్తోందనుకుందాం. నెలకు 499 రూపాయలు, మూడు నెలలకు 1,347, ఆరు నెలలకు 2,514, ఏడాదికి 4,788. వీటిని ఎడమ అంచుకు చేర్చి ఒకదాని కింద ఒకటి రాస్తే మొదటి వరసలోని 4, చివరి వరసలోని 4 ఒకే గీత మీద పడతాయి. మొదటి నాలుగు వందల స్థానంలోది, రెండోది వేల స్థానంలోది. కంటికి మాత్రం రెండూ ఒకటే స్థానంలా కనిపిస్తాయి. కుడి అంచుకు చేర్చగానే ఆ గందరగోళం పోతుంది. వేలు ఉన్న ధర ఎడమకు పొడుచుకొస్తుంది, వందల్లో ఉన్నది లోపలే ఆగిపోతుంది. అంకెలు చదవకముందే ఏది పెద్ద మొత్తమో తెలిసిపోతుంది. పక్కనే 18 శాతం జీఎస్టీ కలిపిన మొత్తం కూడా చూపిస్తే పట్టిక ఇలా ఉంటుంది:

```
  499      588.82
1,347    1,589.46
2,514    2,966.52
4,788    5,649.84
```

రెండో నిలువు వరసలో ప్రతి ధరకూ చుక్క తర్వాత రెండు అంకెలున్నాయి. ఎక్కడైనా పైసలు సున్నా వస్తే .00 అని రాయాల్సిందే. ఒక్క వరసలో దాన్ని వదిలేసినా ఆ ధర కుడికి జరిగి, దాని ఒకట్లు పై వరస పైసల కిందికి వస్తాయి. పైసలు అక్కర్లేదనుకుంటే ఆ నిలువు వరస మొత్తంలో తీసేయాలి.

కుడి అంచుకు చేర్చినంత మాత్రాన పని పూర్తికాదు. చాలా ఫాంట్లలో 1 సన్నగా, 8 వెడల్పుగా ఉంటాయి. వాక్యం మధ్యలో అలా ఉంటేనే అందం. వీటిని ప్రొపోర్షనల్ అంకెలు అంటారు. పట్టికలో మాత్రం ఇవి ఇబ్బంది పెడతాయి. 2,111 కింద 2,888 వస్తే కుడి అంచు సరిగ్గానే ఉంటుంది కానీ ఎడమకు వెళ్లేకొద్దీ అంకెలు జరిగిపోతూ, రెండు కామాలు రెండు చోట్ల పడతాయి. ఇక్కడ కావలసినవి టాబ్యులర్ అంకెలు. వీటిలో సున్నా నుంచి తొమ్మిది దాకా అన్ని అంకెలకూ ఒకే వెడల్పు గడి ఉంటుంది.

మీ ఫాంట్‌లో ఏవి ఉన్నాయో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఎడమ అంచు నుంచి ఒక వరసలో 1111 అనీ, దాని కింద 8888 అనీ టైపు చేయండి. రెండూ ఒకే చోట ముగిస్తే అవి టాబ్యులర్ అంకెలు. పై వరస పొట్టిగా ఆగిపోతే ప్రొపోర్షనల్. ఒకే ఫాంట్‌లో రెండు రకాలూ ఉండి, మామూలుగా ప్రొపోర్షనల్ మాత్రమే బయటికి కనిపించడం కూడా మామూలే. వర్డ్‌లో అయితే ఫాంట్ సెట్టింగుల్లోని Number spacing దగ్గర, ఇన్‌డిజైన్‌లో అయితే ఓపెన్‌టైప్ మెనూలోని Tabular Lining దగ్గర వీటిని ఎంచుకోవచ్చు. వెబ్ పేజీలో రెండు వరసల కోడ్ సరిపోతుంది:

```css
td.price {
  text-align: right;
  font-variant-numeric: tabular-nums lining-nums;
}
```

ఇందులో lining-nums ఎందుకంటే, జార్జియా లాంటి ఫాంట్లలో 3, 4, 5, 7, 9 గీత కిందికి దిగుతాయి. ఈ మాటతో, ఫాంట్‌లో ఆ సదుపాయం ఉంటే, అన్నీ ఒకే ఎత్తులో నిలబడతాయి. అయితే ఫాంట్‌లో టాబ్యులర్ అంకెలే లేకపోతే బ్రౌజర్ వాటిని పుట్టించదు, తప్పు జరిగిందని చెప్పదు కూడా. అందుకే కోడ్ రాశాక 1111, 8888 పరీక్ష మళ్లీ చేయాలి. తేడా అలాగే ఉంటే ఫాంట్ మార్చడమే మార్గం.

ధర వెనకాల అంటించే మాటలు కూడా వరసను చెడగొడతాయి. ఒకచోట ‘499/నెల’, ఇంకోచోట ‘4,788/సంవత్సరం’ అని రాస్తే కుడి అంచుకు చేరేది మాటలే, అంకెలు కావు. నక్షత్రం గుర్తు ఒక్కటి పెట్టినా అంతే. కాలవ్యవధిని ప్లాన్ పేరు పక్కకో, నిలువు వరస శీర్షికలోకో పంపాలి. రూపాయి గుర్తునూ శీర్షికలోనే పెట్టడం మేలు. ఆ గుర్తును ప్రభుత్వం ఆమోదించింది 2010లో. అంతకుముందు తయారైన ఫాంట్లలో అది లేకపోతే వేరే ఫాంట్ నుంచి వచ్చి, వేరే లావుతో కనిపిస్తుంది.

ఇప్పుడు సిఫార్సు చేసే ప్లాన్ సంగతి. మన ఉదాహరణలో అది ఏడాది ప్లాన్ అనుకుందాం. దాన్ని ప్రత్యేకంగా చూపించాలని ధరను బోల్డ్ చేస్తే, అంతసేపూ నిలబెట్టిన వరస అక్కడే చెదురుతుంది. చాలా ఫాంట్లలో బోల్డ్ అంకెల గడి మామూలు అంకెల గడి కంటే వెడల్పు. అక్షరాల సైజు పెంచినా ఇదే నష్టం. కాబట్టి ధరను ముట్టుకోకుండా దాని చుట్టుపక్కల మార్చాలి. వరస మొత్తానికి లేత రంగు నేపథ్యం ఇచ్చి, ప్లాన్ పేరును మాత్రం బోల్డ్ చేసి, పేరు పక్కన ‘సిఫార్సు’ అని రాస్తే చాలు. రంగు ఒక్కటే ఉంటే రంగుల తేడా తెలియనివాళ్లకు, నలుపు తెలుపు ప్రింటు తీసుకున్నవాళ్లకు ఏమీ అందదు. అందుకే ఆ మాట తప్పనిసరి. నేపథ్యానికీ అక్షరాలకూ మధ్య కాంట్రాస్ట్ 4.5:1కి తగ్గకూడదని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. లేత పసుపు మీద నలుపు అక్షరాలు దీన్ని తేలిగ్గా దాటతాయి.

ప్లాన్లను పక్కపక్కన పెట్టెల్లో చూపిస్తే పరిస్థితి మారుతుంది. అక్కడ ధరలు ఒకదాని కింద ఒకటి ఉండవు కాబట్టి కుడి అంచు వల్ల ఒరిగేదేమీ లేదు. నాలుగు ధరలూ ఒకే అడ్డగీత మీద ఉండటం ముఖ్యం. సిఫార్సు పెట్టెకు పైన పట్టీ తగిలిస్తే దాని ధర కిందికి జారుతుంది. పట్టీకి కావలసిన చోటును నాలుగు పెట్టెల్లోనూ ఖాళీగా వదలాలి. గీత లావు కూడా అన్నిటికీ ఒకటే ఉంచి, రంగు మాత్రం మార్చాలి. ఫోన్‌లో ఈ పెట్టెలు ఒకదాని కింద ఒకటి చేరి పొడుగ్గా సాగిపోతాయి, రెండు ధరలు ఒకేసారి కంటపడవు. ఫోన్ కోసం పైన చూపినట్టు వరసల పట్టికే పెట్టడం నయం.

సిఫార్సుకు కారణం కూడా పట్టికలోనే కనిపించాలి. నెలకు పడే ధరను ఇంకో నిలువు వరసలో పెడితే 499, 449, 419, 399 అని దిగుతూ వస్తాయి. ఏడాదికి మిగిలేది జీఎస్టీ కాకుండా 1,200 రూపాయలు. కానీ ఆరు నెలల్లో ఇల్లు మారబోయే అద్దెదారుకు ఏడాది ప్లాన్ నష్టం. అందుకే ‘ఏడాది పాటు ఇల్లు మారనివాళ్లకు సిఫార్సు’ అని రాయడం న్యాయం. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను నిషేధించింది. ఒక సమాచారాన్ని ఎత్తిచూపి మరొకదాన్ని మరుగుపరిచి కొనుగోలుదారును దారి మళ్లించడం వాటిలో ఒకటి. సిఫార్సు వరసకు రంగు వేయడం తప్పు కాదు. మిగతా మూడు ధరల్ని కనీకనిపించని బూడిద రంగులోకి నెట్టడం, జీఎస్టీ కలిపిన మొత్తాన్ని చివరి పేజీ దాకా దాచడం తప్పు. పట్టిక తయారయ్యాక రంగులన్నీ తీసేసి ఒకసారి చూడండి. నాలుగు ప్లాన్లలో ఏది తనకు సరిపోతుందో కొనుగోలుదారు అప్పుడు కూడా తేల్చుకోగలిగితేనే ఆ పట్టికను బయటికి పంపాలి.