లోలకం గతిని శక్తి వక్రాలతో గీయండి

కోల్‌కతాలో g విలువ సుమారు 9.79 మీ./సె². అక్కడ 1 మీటరు పొడవైన, బరువులేని కడ్డీ చివర 1 కిలో గుండు వేలాడుతోందనుకోండి. ఘర్షణ లేకపోతే దాని మొత్తం శక్తి E = ω²/2 − 9.79 cosθ మారదు. కోణం θను అడ్డంగా, కోణీయ వేగం ωను నిలువుగా తీసుకోండి. ఒక E విలువను ఎంచుకొని, ω = ±√(2E + 19.58 cosθ) లెక్కకట్టి బిందువులను కలపండి. చలన సమీకరణాన్ని సాధించే పనే లేదు!

E విలువ −9.79, 9.79 మధ్య ఉంటే మూసుకున్న వక్రాలు వస్తాయి: గుండు ఊగుతోందన్నమాట. అంతకు మించితే అలల్లాంటి గీతలు: గుండు గిరగిర తిరుగుతుంది. సరిగ్గా 9.79 దగ్గరి వక్రం ఈ రెండింటికీ సరిహద్దు. అడుగున 6.26 రేడియన్లు/సె. వేగంతో బయలుదేరిన గుండు శిఖరానికి అంతకంతకూ చేరువవుతుందేగాని ఎన్నటికీ చేరదు. వేర్వేరు E వక్రాలు ఖండించుకుంటే మీ లెక్క తప్పినట్లే. గాలి నిరోధముంటే మాత్రం వక్రం మూసుకోదు. లోపలికి చుట్టలు చుట్టుకుంటుంది.