జీఆర్‌ఈ స్లాట్: మంగళవారం లోపే తేల్చుకోండి

అమెరికాలో ఎమ్మెస్ చేయాలనుకునే మన పిల్లల్లో చాలామంది జీఆర్‌ఈని ఇప్పుడు ఇంట్లోనే రాస్తున్నారు. పరీక్షకు పట్టేది రెండు గంటలే. దానికి స్లాట్ ఎప్పుడు తీసుకోవాలో మాత్రం ముందే లెక్క వేసుకోవాలి.

యూనివర్సిటీకి దరఖాస్తు గడువు డిసెంబర్ 15 అనుకుందాం. స్కోరు రావడానికి 8 నుంచి 10 రోజులు పడుతుంది. స్కోరు తగ్గితే మళ్లీ రాయొచ్చు కానీ రెండు పరీక్షల మధ్య 21 రోజుల ఎడం ఉండాలి. నవంబర్ 7 శనివారం మొదటిసారి రాస్తే, రెండోసారి 28న రాయొచ్చు. ఆ స్కోరు డిసెంబర్ 8కల్లా చేతికొస్తుంది. మొదటి పరీక్ష మరో రెండు వారాలు జరిగితే రెండో అవకాశం గడువు దాటిపోతుంది.

ఆ శనివారం అనుకున్న వేళకే సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. పరీక్షా కేంద్రంలో ఎన్ని కంప్యూటర్లుంటే ఒక సెషన్‌కు అన్నే సీట్లు. ఇంటి పరీక్షకు రాత్రీపగలూ స్లాట్లున్నా, ప్రతి అభ్యర్థినీ కెమెరాలో కనిపెట్టడానికి ఒక మనిషి కావాలి కాబట్టి అక్కడా పరిమితి తప్పదు. దరఖాస్తుల కాలంలో మంచి వేళలు ముందుగా నిండిపోతాయి.

తేదీ మార్చుకోవాలంటే పరీక్షకు కనీసం నాలుగు రోజుల ముందు మార్చుకోవాలి, దానికి విడిగా ఫీజు కట్టాలి. పరీక్ష రోజును ఈ లెక్కలో కలపరు. శనివారం పరీక్షకు మంగళవారమే ఆఖరు. బుధవారం జ్వరమొచ్చినా, లాప్‌టాప్ మొరాయించినా కట్టిన పరీక్ష ఫీజు పోయినట్టే.

అందుకే సిస్టమ్ చెక్‌ను శుక్రవారం రాత్రికి వాయిదా వేయకూడదు. సోమవారం కల్లా అది పూర్తి కావాలి. అదీ పరీక్ష రాయబోయే గదిలో, అదే కంప్యూటర్ మీద, అదే వేళకు. ఉదయం చక్కగా వచ్చే ఇంటర్నెట్ సాయంత్రం ఇంటిల్లిపాదీ వీడియోలు పెట్టుకుంటే ఈడ్చుకుంటూ రావచ్చు.

తరచూ చిక్కు తెచ్చేది ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్. పరీక్షకు ప్రత్యేక బ్రౌజర్ వేసుకోవాలి. కొత్త సాఫ్ట్‌వేర్ వేసే అనుమతి చాలా కంపెనీలు ఉద్యోగికి ఇవ్వవు. చెక్‌లో కెమెరా, మైకు పనిచేసినంత మాత్రాన సరిపోదు, బ్రౌజర్ తెరుచుకుంటుందో లేదో కూడా చూసుకోవాలి. రెండో మానిటర్, ఇయర్‌ఫోన్లు ఒప్పుకోరు. చిత్తు లెక్కలకు మామూలు కాగితం పనికిరాదు. చెరిపి రాసుకునే చిన్న వైట్‌బోర్డు, మార్కరు ముందే కొనిపెట్టుకోవాలి.

సోమవారం చెక్‌లో తేడా కనిపిస్తే ఇంకో లాప్‌టాప్ అడిగి తెచ్చుకోవడానికి ఒక రోజు మిగులుతుంది. అది కుదరకపోతే మంగళవారం తేదీ మార్చుకోవచ్చు. అప్పుడు పోయేది మార్పు ఫీజే.