తడి మెరుపు ఎందుకు ఆరింది?

ఇంటి గేటు నుంచి పోర్టికో దాకా కారు కోసం వేసిన కాంక్రీటు దారి మీద, పోసిన రోజు సాయంత్రానికే పగుళ్లు కనిపించడం మన ఊళ్లలో తరచూ జరిగేదే. ఒక్కో పగులు జానెడు నుంచి రెండు మూడడుగుల పొడవుంటుంది. అవి ఒకదానికొకటి దాదాపు సమాంతరంగా, దారి అంచుకు ఏటవాలుగా ఉంటాయి. చాలావరకు అంచు దాకా పోకుండా మధ్యలోనే ఆగిపోతాయి. వాటిని చూసి ఇంటివారు సిమెంటు మంచిది కాదంటారు. మేస్త్రీ ఇసుకను తప్పుపడతాడు. ఎక్కువసార్లు తప్పు ఆ రెండింటిలోనూ ఉండదు. కాంక్రీటు ఇంకా మెత్తగా ఉండగానే, పోసిన అరగంట నుంచి ఆరు గంటల లోపు, పై పొర ఆరిపోవడం వల్ల వచ్చే పగుళ్లివి. ఇంజనీర్లు వీటిని ప్లాస్టిక్ ష్రింకేజ్ పగుళ్లు అంటారు. ఇవి రాకుండా చూసుకోవడం ఆ కొద్ది గంటల్లో పలక పట్టే వేళ మీద, ఆ వేళ వచ్చేదాకా పై పొరను తడిగా కాపాడటం మీద ఆధారపడుతుంది.

కింది నుంచి నీరు, పై నుంచి గాలి

కాంక్రీటు పోసి బద్దతో మట్టం చేశాక అది కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది గానీ, లోపల పని సాగుతూనే ఉంటుంది. కంకర, ఇసుక, సిమెంటు రేణువులు బరువుకు మెల్లగా కిందికి దిగుతాయి. వాటి మధ్య ఉన్న నీరు పైకి వస్తుంది. దీన్నే మేస్త్రీలు నీళ్లు తేలడం అంటారు. పలచటి ఆ నీటి పొర వల్లే కొత్త కాంక్రీటు తళతళ మెరుస్తుంది.

పైన గాలి, ఎండ ఆ నీటిని పీల్చుకుంటూ ఉంటాయి. తేలే నీరు ఎక్కువగా ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. ఆరే వేగం తేలే వేగాన్ని దాటిందంటే నీటి మట్టం పై రేణువుల సందుల్లోకి దిగిపోతుంది. ఆ సన్నటి సందుల్లో నీరు వంపు తిరిగి, చుట్టూ ఉన్న రేణువులను దగ్గరకు లాగుతుంది. పై పొర ముడుచుకోవాలని చూస్తుంది, కింది పొర మాత్రం తడిగా ఉండి కదలదు. ఇంకా గట్టిపడని కాంక్రీటుకు ఆ లాగుడును తట్టుకునే బలం ఉండదు కాబట్టి చీలిపోతుంది. ఎండిన చెరువులో మట్టి నెర్రెలిచ్చేదీ ఇలాగే. డ్రైవ్‌వేకి లోతు తక్కువ, వైశాల్యం ఎక్కువ, నీడ ఉండదు. అందుకే ఇంటి పనుల్లో ఈ పగుళ్ల బెడద దీనికి ఎక్కువ.

ఖమ్మంలో ఏప్రిల్ మధ్యాహ్నం

ఆరే వేగానికి లెక్క ఉంది. గాలి వేడి, గాలిలో తేమ, కాంక్రీటు వేడి, గాలి వేగం, ఈ నాలుగూ తెలిస్తే చాలు. గంటకు చదరపు మీటరుకు 1 కిలో, అంటే లీటరు నీరు ఆవిరయ్యే పరిస్థితి ఉంటే జాగ్రత్తలు తప్పనిసరి అన్నది ఇంజనీర్లు చాలాకాలంగా వాడుతున్న హద్దు. ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంటుతో చేసిన కాంక్రీటులో నీరు తక్కువ తేలే అవకాశం ఉంది. కాబట్టి ఆ హద్దులో సగం దాటినా మెలకువగా ఉండటం మంచిది.

ఖమ్మంలో 30 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 5 అంగుళాల మందంతో ఒక దారి పోస్తున్నామనుకుందాం. వైశాల్యం దాదాపు 28 చదరపు మీటర్లు. ఏప్రిల్ మధ్యాహ్నం ఒంటిగంటకు గాలి వేడి 38 డిగ్రీలు, తేమ 25 శాతం, కాంక్రీటు వేడి 35 డిగ్రీలు, గాలి వేగం గంటకు 15 కిలోమీటర్లు ఉంటే, చదరపు మీటరుకు గంటకు దాదాపు 1.4 లీటర్లు పోతుంది. మొత్తం దారి మీద గంటకు 39 లీటర్లు, అంటే దాదాపు రెండు బకెట్ల నీరు. అంత నీరు కింది నుంచి పైకి రాదు.

అదే పని సాయంత్రం మొదలుపెట్టి, రాత్రి ఎనిమిది ప్రాంతంలో గాలి వేడి 31 డిగ్రీలకు దిగి, తేమ 50 శాతానికి పెరిగి, గాలి 6 కిలోమీటర్లకు తగ్గితే ఆరేది గంటకు 13 లీటర్లు. మూడో వంతే. తెల్లవారుజామున పోస్తే ఇంకా చల్లగా ఉంటుందని కొందరు అనుకుంటారు. పోయడానికి అది హాయిగానే ఉంటుంది, కానీ పలక పట్టాల్సిన వేళకు ఎండ నెత్తిమీదికి వస్తుంది. సాయంత్రం పోస్తే రోజు చల్లబడుతున్న కొద్దీ కాంక్రీటు గట్టిపడుతుంది. అయితే మధ్యాహ్నమంతా కాగిన నేలను పోసేముందు బాగా తడపాలి. నీళ్లు మాత్రం మడుగు కట్టి ఉండకూడదు. రాత్రి పనికి దీపాలూ ముందే సిద్ధం చేసుకోవాలి.

ఈ బాధ వేసవికే పరిమితం కాదు. సంక్రాంతి రోజుల్లో చల్లటి పొడి గాలి బలంగా వీచేటప్పుడు, గాలి కంటే కాంక్రీటే వెచ్చగా ఉంటుంది. అప్పుడు కూడా లెక్క 1 లీటరు దాటగలదు. పైగా చలికి కాంక్రీటు గట్టిపడటం ఆలస్యమై, ప్రమాదం ఉండే సమయం ఇంకా పెరుగుతుంది.

పలక ఎప్పుడు పట్టాలి?

బద్దతో మట్టం చేసిన వెంటనే, నీరు తేలకముందే, పొడవాటి పిడి ఉన్న వెడల్పు పలకతో ఒకసారి ఎత్తుపల్లాలు సర్దాలి. కంకర కిందికి దిగి పైన గుజ్జు పరుచుకుంటుంది. తర్వాత చేతులు ఆపాలి. నీరు తేలి, మెరుపు ఆరేదాకా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఈ విరామం గంట కావచ్చు, మూడు గంటలు కావచ్చు. అది గడియారం చెప్పేది కాదు.

మెరుపు ఆరాక ఒకరు అంచున అడుగు వేసి చూడాలి. మనిషి బరువు ఆగి, అడుగుజాడ పావు అంగుళం, అంటే 6 మిల్లీమీటర్ల లోతు మాత్రమే పడితే చెక్క పలకతో రుద్దే వేళయింది. మడమ అంతకంటే దిగబడితే ఇంకా ఆగాలి. చెక్క పలక పై పొరను మళ్లీ కలిపి దగ్గర చేస్తుంది. అప్పుడే పుట్టిన సన్నటి చీలికలు కూడా ఈ దెబ్బకు మూసుకుపోతాయి. అందుకే ఈ రుద్దుడును తొందరపడి ముందే చేయకూడదు, బద్ధకించి వదిలేయకూడదు.

ఉక్కు పలక ఆ తర్వాతి సంగతి. వేలితో నొక్కితే గుజ్జు అంటుకోకుండా, కొద్దిపాటి గుర్తు మాత్రమే పడినప్పుడు ఒక్కసారి తేలిగ్గా లాగితే చాలు. గది గచ్చులా అద్దంలా నునుపు చేయడం డ్రైవ్‌వేకి పనికిరాదు. వానలో టైరు జారుతుంది, కాలూ జారుతుంది. చివరగా గట్టి చీపురును దారికి అడ్డంగా లాగితే సన్నటి గీతలు పడి పట్టు దొరుకుతుంది.

మెరుపు మోసం చేసే రోజు

ఇక్కడే అనుభవం ఉన్న చేతులు కూడా పొరపడతాయి. మెరుపు ఆరడానికి రెండు కారణాలుంటాయి. నీరు తేలడం నిజంగా ముగిసి ఉండవచ్చు, లేదా కింది నుంచి నీరు వస్తూనే ఉన్నా గాలి దాన్ని వచ్చినంతా తాగేస్తూ ఉండవచ్చు. రెండో సందర్భంలో పైన తోలులాంటి పెచ్చు కట్టి, లోపల మెత్తగానే ఉంటుంది. అప్పుడు ఉక్కు పలకతో నునుపు చేస్తే పై పొర మూతలా బిగుసుకుపోతుంది. కింద ఇంకా పైకి వస్తున్న నీరు, గాలి దాని అడుగున చిక్కుకుంటాయి. కొన్నాళ్లకు అక్కడ బొబ్బల్లా ఉబ్బి, పలచటి పెంకులై లేచిపోతుంది. కర్రతో తడితే బోలు శబ్దం వస్తుంది.

తేడా తెలుసుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. పారదర్శకమైన పాలిథీన్ ముక్కను తడి కాంక్రీటు మీద పరిచి, అంచులు ఆనించి కాసేపు ఉంచాలి. దాని అడుగున నీరు చేరితే తేలడం ఇంకా ముగియలేదు. చుట్టూ ఎంత పొడిగా కనిపించినా పలక పట్టకూడదు.

మెరుపు నిజం చెప్పాలంటే ముందు ఆవిరిని అదుపు చేయాలి. గాలి వచ్చే వైపు మనిషెత్తున గ్రీన్ నెట్టో టార్పాలినో కట్టాలి. మట్టం చేయడానికీ పలక పట్టడానికీ మధ్య పాలిథీన్ షీటు కప్పాలి. రుద్దే భాగం మేరకే తీసి, పనవగానే మళ్లీ కప్పాలి. పొగమంచులా సన్నగా చిమ్మే స్ప్రేతో పైనున్న గాలిని తడిపినా మేలే. కాంక్రీటు మీద పైపుతో నీళ్లు కొట్టి పలకతో రుద్దితే మాత్రం పై పొరలో సిమెంటు పలచనై బలం పోతుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరిగేది మరొకటుంది. నీరు బాగా తేలితే, “పొడి సిమెంటు చల్లి రుద్దేద్దామండీ, ఇప్పుడే అయిపోతుంది” అంటారు. తేలిన నీటిని సిమెంటుతో పీల్చి అందులోనే కలిపితే పైన వేరే పొర తయారవుతుంది. అది సాలెగూడులా సన్నటి చీలికలిస్తుంది, పొడి రాలుతుంది. ఎక్కువ నీరు నిలిస్తే రబ్బరు పైపును పైన పడుకోబెట్టి మెల్లగా లాగి, అంచు బయటికి తోసేయాలి.

పగులు కనిపిస్తే

కాంక్రీటు ఇంకా చేతికి లొంగుతున్నప్పుడే పగులు కనిపిస్తే దారి ఉంది. చెక్క పలకతో పగులుకు రెండు వైపులా గట్టిగా తట్టి, లోపలి దాకా కదిలి మూసుకునేలా రుద్ది, వెంటనే షీటు కప్పాలి. పైపైన గుజ్జు పూస్తే మాత్రం ముఖం కనపడదు గానీ పగులు అలాగే ఉంటుంది. మర్నాటికి మళ్లీ తెరుచుకుంటుంది. గట్టిపడ్డాక పలకతో చేయగలిగింది ఏమీ లేదు. అప్పుడు తక్కువ చిక్కదనం ఉన్న ఎపాక్సీ లాంటివి పగుళ్లలోకి ఎక్కించాలి.

వారాల తర్వాత దారికి అడ్డంగా, అంచు నుంచి అంచుకు వచ్చే పగుళ్లు వేరు. వాటికి మందు జాయింట్లు. ఈ 30 అడుగుల దారిని పదేసి అడుగుల మూడు గళ్లుగా, మందంలో నాలుగో వంతు లోతున కోయాలి. పలక ఎంత చక్కగా పట్టినా జాయింట్లు మానకూడదు. క్యూరింగ్ కూడా అంతే. ఎండా పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు తడి ఆరకూడదని ఐఎస్ 456 చెబుతుంది. పీపీసీ వాడితే 14 రోజులు మేలు. చీపురు గీతలు చెదరనంత గట్టిపడగానే తడి గోనెపట్టాలు పరచాలి.

ఇక చివరి మాట కూలి గురించి. చదరపు అడుగు లెక్కన పని ఒప్పుకున్న మేస్త్రీకి, ఆ రెండు మూడు గంటలు ఊరికే కూర్చోవడం నష్టమే. అందుకే పొడి సిమెంటు చల్లి త్వరగా ముగించి, ఇంకో పనికి వెళ్లాలనిపిస్తుంది. ధర మాట్లాడేటప్పుడే ఆగే గంటలకూ, రాత్రి దీపానికీ, షీట్లకూ కలిపి మాట్లాడుకోండి. పోసే రోజు పలక ఎప్పుడు పట్టాలో అడుగుజాడ, పాలిథీన్ ముక్క చెప్పాలి. మేస్త్రీకి ఇంకోచోట ఉన్న పని చెప్పకూడదు.